నవ్వించేశాక నీతి చెప్పొద్దా?

మా నెల్లూరు కుర్రాళ్ళు రాసిన నిమిషం కామెడీ వీడియో స్క్రిప్టు ఒకటి నా పరిశీలనకు వచ్చింది. చదివి తీవ్ర ఆందోళనకు గురయ్యాను. అందులో సందేశం లేదు.

కథ ఇదీ. అల్లుడు సంచితో అత్తారింట్లో అడుగుపెడతాడు. "మామా, మీ 50 వేలు తెచ్చా. ముందు అన్నం పెట్టించండి, పులుసు వాసన వీధి చివరికే కొట్టింది" అంటాడు. పది సెకన్లలో ఎవరెవరో, ఎవరికేం కావాలో తేలిపోయింది. పెన్నా బ్రిడ్జి మీద డ్రోన్ ఎగరనేలేదు.

అత్త చట్టి మీద మూత పెట్టేస్తుంది. "ఇయ్యాల తినబాకు నాయనా. చేపల పులుసు మర్నాడే రుచి." నెల్లూరులో పుట్టినవాడు ఈ మాట కాదనలేడు గనక అల్లుడు పచ్చడి మెతుకులతో పడుకుంటాడు. మర్నాడు కంచం ముందు కూర్చుంటే, "మామిడికాయ ముక్క ఇంకా ఊరలేదు, రేపు చూద్దాం." అర్ధరాత్రి పిల్లిలా వంటింట్లోకి పోతే చట్టి పక్కనే చాపేసుకుని అత్త. చీకట్లోంచి మామ గొంతు: "నేను సంక్రాంతి నుంచి అడుగుతున్నా అల్లుడూ."

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. మొత్తం ఒక్క ‘రేపు’ చుట్టూనే తిప్పారు. మధ్యలో ఓ తాగుబోతునీ, చీర కట్టిన మగవాడినీ దించొచ్చు కదా అన్నాను. "దించితే నవ్వుతారు సార్, కానీ మళ్ళీ పులుసు దగ్గరికి రావడానికి దారుండదు" అన్నారు. ప్రతిసారీ అల్లుడి ఆకలి, అత్త పట్టుదల ఒక మెట్టు పెరగాలట. మూడోసారికి చూసేవాడు ముందే పసిగట్టేస్తాడట, అందుకే ఆ దెబ్బ అత్తతో కాకుండా మామతో కొట్టించారట. ఈ కాలం పిల్లలకు అన్నిటికీ కారణాలుంటాయి.

ఇక ముగింపు. అల్లుడు సంచి భుజానేసుకుని గడప దాటబోతాడు. మామ "డబ్బులో?" అంటాడు. అల్లుడు సంచి జిప్పు లాగేసి, "ఇయ్యాల తీసుకోబాకండి మామా. రేపటికి ఇంకా ఊరతాయి." కట్.

అంతే! 58 సెకన్లు. ‘ఊరతాయి’ తర్వాత ఒక్క అక్షరం లేదు. ఆ మాటను వాక్యం మధ్యలో పెట్టి చదివి చూశారట, వినేవాళ్ళు నవ్వేసరికి మిగతా సగం ఎవరికీ వినపడలేదట.

ప్రజాహితం కోరి నేను సవరణలు ఇచ్చాను. అల్లుడు బస్సు దిగడం 20 సెకన్ల స్లో మోషన్‌లో ఉండాలి. జోకు అయ్యాక పక్కింటాయన వచ్చి "అంటే అప్పు కూడా పులుసు లాంటిదేనన్నమాట" అని విడమర్చాలి, లేకపోతే కావలి దాటితే ఎవరికీ అర్థం కాదు. చివర్లో అల్లుడు చేతులు జోడించి "పెద్దల అప్పు సకాలంలో తీర్చండి" అనాలి.

కుర్రాళ్ళు భక్తిగా రాసుకున్నారు. షూటింగ్ ఎప్పుడని నిన్న అడిగాను.

"మీ సవరణలు ఇప్పుడే పొయ్యి మీంచి దించాం సార్. ముక్కకి పట్టనీండి."