చావులేని చివరి రోజు

నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఒక చివరి రోజు ఉండేది. ఆషాఢంలో పుట్టింది. శ్రావణ శుక్రవారాలు చూసింది. వినాయకుడి ఊరేగింపు దాని కిందుగానే పోయింది. దసరాకి ఎర్ర అక్షరాలు వెలిసి గులాబీ రంగుకొచ్చాయి, తాళ్ళు కట్టిన కన్నాలు చిరిగి సాగాయి. అయినా ఆ బట్టల షాపు ఆఫర్ ఫ్లెక్సీ 'ఈ రోజే చివరి రోజు' అన్న మాట మీదే నిలబడింది. మాట మీద అంత గట్టిగా నిలబడ్డవాళ్ళని నేను రాజకీయాల్లో కూడా చూడలేదు.

పంచాంగకర్తలకు నాదొక మనవి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని ఐదింటితో సరిపెట్టకుండా ఆరో అంగంగా దీన్ని కూడా చేర్చండి. తిథికైనా వృద్ధీ క్షయమూ ఉంటాయి గానీ, చివరి రోజుకి క్షయం లేదు.

దానికి తోడబుట్టినది 'చివరి పీసు'. కౌంటర్ దగ్గర కుర్రాడు గొంతు తగ్గించి, "ఇదొక్కటే ఉండాది మేడం, ఇందాకొకావిడ పక్కన పెట్టమని పోయింది, మీకైతే ఇచ్చేస్తా" అంటాడు. ఆ 'ఇందాకటి ఆవిడ'ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. మా ఆవిడ ఆమె నోటి దగ్గర చీరలు ఇప్పటికి మూడు లాక్కుంది. మూడోది కట్టుకుని పెళ్ళికి వెళితే, అదే చివరి పీసు కట్టుకుని ఇంకో ఇద్దరు ఎదురొచ్చారు.

ఇలా సాఫీగా సాగుతున్న వ్యాపారంలో నిప్పులు పోసినవాడు మా బామ్మర్ది. ఆ షాపుకి బోర్డులూ, వాట్సాప్ మెసేజీలూ రాసే పని వాడికిచ్చారు. వెళ్ళిన మొదటి రోజే యజమానిని, "ఆఫర్ ఎప్పుడు అయిపోతుందండీ?" అని అడిగాడట. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. "అయిపోవడం ఏంది అబ్బయ్యా?" అన్నాడాయన.

వీడి వెనక ఢిల్లీ ఉందని తర్వాత తెలిసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న కొన్ని మార్గదర్శకాలు ఇచ్చిందట. ఆన్‌లైన్లో జనాన్ని తికమకపెట్టి కొనిపించే పద్ధతులకు 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టి 13 రకాలుగా లెక్క తేల్చారు. అందులో మొట్టమొదటిది దొంగ తొందర. ఉన్న సరుకుని ఉన్నదానికంటే తక్కువగా చూపించడం, లేని గిరాకీని ఉన్నట్టు చెప్పడం రెండూ దాని కిందికే వస్తాయి. 'రెండే గదులు మిగిలాయి, 30 మంది ఇప్పుడే చూస్తున్నారు' లాంటి మాటనే ఉదాహరణగా రాశారు. అంటే మన 'ఇందాకటి ఆవిడ' ఢిల్లీ దాకా తెలుసన్నమాట. అంతకు ముందే, 2022 జూన్‌లో, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఇంకో సెట్టు వచ్చింది. చెప్పిన ధరకి అమ్మడానికి తగినంత సరుకు లేకుండా ఊరించకూడదు, సరుకు తక్కువైతే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి అని దాని సారం. ఇక 2019 చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. యజమాని ఈ అంకెలు విని మంచినీళ్ళు అడిగారు.

నాకైతే మండింది. "ఆన్‌లైన్ వాళ్ళ గడియారాలు చూడరా, ఎంత భక్తిగా తిరుగుతుంటాయో" అన్నాను. వాడు నా ఫోన్ తీసుకుని ఒక సైట్ తెరిచాడు. ఆఫర్ ముగియడానికి 14 నిమిషాలే ఉంది. అదే పేజీని మా ఆవిడ ఫోన్లో తెరిస్తే అక్కడ 15 నిమిషాలు. మూసి మళ్ళీ తెరిస్తే మళ్ళీ 15. "బావా, నిజంగా ఆఫర్ ముగిసే టైము ఊరందరికీ ఒకటే ఉంటుంది. మనిషి మనిషికీ కొత్తగా మొదలైతే అది గడియారం కాదు, కీ ఇచ్చే బొమ్మ" అన్నాడు. తర్వాత 'రెండే మిగిలాయి' అన్న చెప్పుల జతని బుట్టలో ఆరు వేశాడు. ఆరూ చక్కగా పట్టాయి. ఇలా ఎదుటివాళ్ళ కుండలు తట్టి చూడడం మర్యాదస్తుల లక్షణమేనా?

దీపావళి సోమవారం వచ్చింది. దాని కోసం షాపుకి వెంకటగిరి చీరలు 60 వచ్చాయి. పాత పద్ధతైతే 'త్వరపడండి! పరిమిత స్టాక్!' అని రెండు ఆశ్చర్యార్థకాలతో ముగిసిపోయేది. మావాడు పలకా బలపం తీసుకుని చీరలు లెక్కపెట్టడానికి కూర్చున్నాడు.

మొదటి రోజు సాయంత్రం కుర్రాళ్ళు షెల్ఫు చూసి "18 ఉండాయి" అన్నారు. వీడు గోడౌన్ తాళం అడిగాడు. అక్కడ ఇంకో 24. అడ్వాన్సు ఇచ్చి పక్కన పెట్టించుకున్నవి 5, అవి షెల్ఫులోనే ఉన్నా అమ్మకానికి లేనట్టే. 18కి 24 కలిపి 5 తీసేస్తే 37. షెల్ఫు చూసి 18 అని రాస్తే చక్కగా భయం పుట్టేదే, 37 అంటే ఎవరు పరుగెత్తుతారు? యజమాని కూడా అదే అన్నారు. "గోడౌన్‌లో ఉన్నది జనానికి కనపడదు కదా అబ్బయ్యా?" "మనకి కనపడుతుంది కదండీ" అన్నాడు వీడు. పిల్లల్ని మరీ ఎక్కువ చదివిస్తే ఇదే గతి.

గురువారానికి 14 మిగిలాయి. ఇప్పుడైనా 'పద్నాలుగే!' అని ఊరుకోవచ్చు, అది నిజమే. వీడు మళ్ళీ కట్టలు విప్పాడు. తొమ్మిది గంధం రంగువి, మూడు మెంతి రంగువి, ఆకుపచ్చవి రెండే. ఆకుపచ్చ కోసం కావలి నుంచి బస్సెక్కి వచ్చినావిడకి 14 అన్న మాట అబద్ధంతో సమానం, గంధం రంగు కావలసినావిడకి తొందరపడే పనే లేదు అని వాడి వాదన. వాట్సాప్ స్టేటస్ 24 గంటలు ఉంటుంది కాబట్టి పొద్దున పెట్టిన అంకె సాయంత్రానికి పాచిపోతుందట. అందుకని లెక్కపెట్టిన టైము కూడా వేశాడు. చివరికి బోర్డు మీదికి ఎక్కింది ఇది:

'వెంకటగిరి చీరలు, గురువారం సాయంత్రం 6 గంటలకు 14 ఉన్నాయి. ఆకుపచ్చ 2, మెంతి 3, గంధం 9. ఇవే రంగులు మళ్ళీ సంక్రాంతికి తెప్పిస్తాం.'

చివరి వాక్యం చదివి యజమాని కుర్చీలో కూలబడ్డారు. మళ్ళీ వస్తాయని మనమే చెబితే ఇప్పుడెవరు కొంటారు? నాకూ అదే అనిపించింది. సంక్రాంతి దాకా ఆగగలిగినవాళ్ళు ఆగితే మనకేం నష్టమండీ, పండక్కి కావాలనుకున్నవాళ్ళు ఎటూ ఆగరు అన్నాడు వీడు. పాత బోర్డులోంచి ఇంకో వాక్యం కూడా కొట్టేశాడు: 'ఇప్పుడు కొనకపోతే పండగ పూట మీ ఇల్లాలి ముఖం చూడగలరా?' అంకె చెప్పాక ముఖాల సంగతి మనకెందుకన్నాడు. నా ముఖాన్ని తలుచుకుని నేనేమీ అనలేదు.

అసలు ద్రోహం ధర దగ్గర జరిగింది. ఆఫర్ ధర 4,200, తర్వాత 4,600. ముగింపు తేదీ ఎప్పుడు పెట్టాలని అడిగితే యజమాని అలవాటుగా "పెట్టుదాంలే" అన్నారు. మావాడు నేరుగా వీధి చివర టైలర్ దగ్గరికి పోయాడు. పండక్కి వారం ముందు ఆదివారం తర్వాత జాకెట్లు తీసుకోనని ఆయన చెప్పాడు. ఇక తొందర కోసం కొత్తగా అబద్ధం కల్పించే పనే లేకపోయింది. పండగ సీజన్లో నిజమైన చివరి రోజు బట్టల షాపుది కాదు, టైలర్‌ది. 'దీపావళికి కట్టుకోవాలంటే ఆదివారం లోపు జాకెట్ టైలర్‌కి చేరాలి. 4,200 ధర శనివారం రాత్రి 9 వరకు. ఆదివారం నుంచి 4,600' అని రాశాడు.

శనివారం మధ్యాహ్నం నుంచి వాన. ఈశాన్య రుతుపవనం నెల్లూరుని ఎలా పలకరిస్తుందో తెలుసు కదా, ట్రంకురోడ్డు కాలవైంది. యజమాని కళ్ళలో ఆశ. పొడిగిద్దామా? వద్దంటాడనుకుంటే సరేనన్నాడు. కానీ కారణం రాయాలట: 'వాన వల్ల రాలేనివాళ్ళ కోసం ఇదే ధర ఆదివారం రాత్రి 9 వరకు.' ఒక్కసారికే పొడిగింపు, మళ్ళీ మళ్ళీ అయితే వానలో తడుస్తూ వచ్చి కొన్నవాళ్ళని మోసం చేసినట్టేనట.

మర్నాడు, అంటే పండక్కి ఇంకా వారం ఉన్న సోమవారం, పొద్దున పదింటికి ఒకావిడ వచ్చింది. మెంతి రంగుది ఒకటి మిగిలి ఉంది. "4,200 కదా?" అంది. యజమాని మా బామ్మర్ది వంక చూశారు, వాడు బోర్డు వంక చూశాడు. "4,600 అమ్మా, రాత్రితో అయిపోయింది" అన్నారాయన, జీవితంలో మొదటిసారి. ఆవిడ నమ్మలేదు. ఆ ఊళ్ళో ఎవరు నమ్ముతారు? తలుపు దాకా వెళ్ళి, వెనక్కి పిలుస్తారని ఆగింది. పిలవలేదు. వెళ్ళిపోయింది. 4,200 పోయాయి. పిలిచి ఉంటే శనివారం తడిసి వచ్చినవాళ్ళ ముందు బోర్డు అబద్ధమయ్యేదని మావాడు లెక్క చెప్పాడు. ఆ లెక్క ఏ చిట్టాలో రాసుకోవాలో యజమానికి ఇంకా తెలియలేదు.

దీపావళి నాటికి మూడు మిగిలాయి. బోర్డు మీద వాడు రాసిందాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, చరిత్రకి పనికొస్తుంది: '3 ఉన్నాయి. మూడూ గంధం రంగే. తొందరేం లేదు.' వ్యాపార ప్రకటనలో 'తొందరేం లేదు' అన్న మాట చూడడానికి ఇద్దరు పక్క షాపులోంచి వచ్చారు.

ఈ గందరగోళంలో పాత ఫ్లెక్సీని దించేశారు. దాన్ని చూడాలనిపించి వెతికితే, మా సందు మొదట్లో టిఫిన్ బండికి కప్పుగా దొరికింది. తలకిందులుగా కట్టారు గానీ 'ఈ రోజే చివరి రోజు' స్పష్టంగా చదవొచ్చు. వాన చుక్క లోపలికి రావడం లేదు. నేను వెళ్ళేసరికి తొమ్మిదిన్నర.

"ఒక నెయ్యి కారం దోశ వెయ్యి అబ్బయ్యా" అన్నాను.

అతను గిన్నె వంచి లోపల గరిటె తిప్పి చూపించాడు. "పిండి అయిపోయింది సార్. రేప్పొద్దున ఆరింటికి రండి, ఉంటాది."