స్కూల్ అడ్మిషన్ సైట్ ప్లాన్ చేసేవాళ్లకు: ముందు ‘డబ్బులు కట్ అయ్యాయి సార్’ సంగతి తేల్చండి

స్కూళ్లకు వెబ్‌సైట్లు చేసే పనిలో ఉన్నాను. అడ్మిషన్ల సీజన్‌కు ముందు జరిగే మొదటి మీటింగ్ దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. కరస్పాండెంట్‌గారి సందేశం ఎక్కడ రావాలి, బ్యానర్‌లో ఏ ఫొటోలు తిరగాలి, రంగులు యూనిఫామ్‌కి సరిపోయాయా లేదా... మీటింగంతా దీంతోనే అయిపోతుంది. ఫీజు సంగతి ఎత్తితే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే “ఏదో ఒక పేమెంట్ గేట్‌వే పెట్టేయండి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తల్లిదండ్రులు నరకం చూసేది సరిగ్గా అక్కడే. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒక తల్లి రాత్రి పదింటికి, ఇంటి పనులన్నీ అయ్యాక, ఎల్‌కేజీ అప్లికేషన్ నింపుతోంది అనుకోండి. అప్లికేషన్ ఫీజు 500 రూపాయలు. యూపీఐ అని నొక్కగానే బ్రౌజర్‌లోంచి యూపీఐ యాప్‌లోకి వెళ్లింది. పిన్ కొట్టింది. 500 డెబిట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ కూడా వచ్చింది. ఆమెది ర్యామ్ తక్కువున్న ఫోన్. తిరిగి బ్రౌజర్‌కి వచ్చేసరికి ఫోన్ ఆ పేజీని మూసేసింది, అది మళ్లీ కొత్తగా లోడ్ అయింది. స్క్రీన్ మీద ‘Payment Failed. Try Again’ అని ఉంది. సీటు పోతుందేమోనన్న టెన్షన్‌లో ఆమె మళ్లీ 500 కట్టింది. మర్నాడు స్కూలుకు ఫోన్ చేస్తే “మాకు ఒక్కటే వచ్చిందమ్మా, బ్యాంకులో అడగండి” అన్నారు. బ్యాంకువాళ్లేమో “మా దగ్గర రెండూ సక్సెస్ అనే ఉన్నాయి, స్కూల్లోనే అడగండి” అన్నారు.

ఇక్కడ బ్యాంకు తప్పు లేదు, ఆ తల్లి తప్పు అసలే లేదు. డబ్బు కట్టినట్టు రుజువుగా సైట్ దేన్ని నమ్ముకుందో చూడండి: ఆమె బ్రౌజర్ తిరిగి మన పేజీకి రావడాన్ని. బ్రౌజర్ ఎన్ని కారణాల వల్లైనా తిరిగి రాకపోవచ్చు. చార్జింగ్ అయిపోతుంది, ఫోన్ వస్తుంది, సిగ్నల్ పోతుంది. అందుకే గేట్‌వేలన్నీ ఇంకో దారి కూడా ఇస్తాయి. పేమెంట్ పూర్తవగానే గేట్‌వే సర్వర్ నేరుగా మన సర్వర్‌కి కబురు పంపుతుంది. దాన్నే వెబ్‌హుక్ అంటారు. దాంతో పాటు వచ్చే సంతకాన్ని సరిచూసుకుని, అది నిజంగా గేట్‌వే పంపిందేనని తేలాకే అప్లికేషన్‌ని ‘ఫీజు చెల్లించారు’ అని మార్చాలి. అదే కబురు రెండుసార్లు రావడం మామూలే, అయినా రసీదు మాత్రం ఒక్కటే పుట్టాలి. అసలు కబురే రాకపోతే, కొన్ని నిమిషాలకోసారి మన సర్వరే ఆ పేమెంట్ ఆర్డర్ నంబర్ చెప్పి “ఇది ఏమైంది?” అని గేట్‌వేని అడగాలి.

ఇదంతా కుదరాలంటే ఆమె ‘Pay’ నొక్కీ నొక్కగానే, యూపీఐ యాప్ తెరుచుకోకముందే, మన సర్వర్‌లో ఆర్డర్ తయారై అప్లికేషన్ నంబర్‌తో ముడిపడి ఉండాలి. ఎంత కట్టాలన్నది కూడా సర్వరే చెప్పాలి, బ్రౌజర్ పంపిన అంకెని నమ్మకూడదు. ఇక స్క్రీన్ మీద ‘అయింది’, ‘కాలేదు’ అని రెండే స్థితులు ఉంటే చాలదు. మూడోది కావాలి: “మీ పేమెంట్ వివరం ఇంకా అందలేదు. దయచేసి మళ్లీ కట్టకండి. తెలియగానే మెసేజ్ పంపుతాం.” అది తేలేదాకా కట్టే బటన్ కనిపించకూడదు. ఈ ఒక్క పేజీ ఉంటే ఆమె రెండో 500 కట్టేది కాదు.

“అయిదు రోజుల్లో వాటంతటవే వెనక్కి వస్తాయమ్మా” అని ఆఫీసులో చెప్పి పంపించేస్తుంటారు. 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఉన్న మాట నిజమే. యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి, తీసుకునే వ్యాపారి వైపు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. కానీ పైన చెప్పిన కేసులో గేట్‌వేకి నిర్ధారణ అందింది. డబ్బు స్కూలు ఖాతాకే చేరుతుంది. సైట్‌కి ఆ సంగతి తెలియలేదు, అంతే. కాబట్టి అది తనంతట తాను వెనక్కి రాదు, స్కూలే రీఫండ్ చేయాలి. ఈ తేడా కౌంటర్లో కూర్చునేవాళ్లకు తెలియకపోతే ఆ తల్లి ఎన్ని రోజులు ఎదురుచూసినా రూపాయి రాదు.

అదనంగా వచ్చిన ఆ 500 అకౌంటెంట్‌కి ఎందుకు కనబడదంటే, గేట్‌వే చాలామంది కట్టిన డబ్బును ఒకే మొత్తంగా, తన చార్జీలు పోను, బ్యాంకులో వేస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఒక్క లైను ఉంటుంది, పేర్లు ఉండవు. గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టును మన అప్లికేషన్లతో ఆర్డర్ నంబర్ వారీగా రోజూ పొద్దున్నే పోల్చే పేజీ ఒకటి ఆఫీసుకు కావాలి. డబ్బు వచ్చి అప్లికేషన్ కదలనివి, రెండుసార్లు కట్టినవి అందులో వాటంతటవే పైకి తేలాలి. బ్యానర్‌కు పెట్టే టైములో సగం పెట్టినా ఈ పేజీ తయారవుతుంది.

డాక్యుమెంట్ల సంగతి ఇంతకన్నా సులువు, అయినా ఏడిపిస్తారు. ఫోన్‌తో తీసిన జనన ధృవపత్రం ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, సైట్ 200 కేబీ దాటకూడదంటుంది. ఆ తండ్రి నెట్ సెంటర్‌కి పరుగెత్తుతాడు. అక్కడ నొక్కి నొక్కి చిన్నది చేసిన ఫొటోలో పుట్టిన తేదీ కనబడదు. పైగా కుటుంబం ఆధార్ కాపీలన్నీ ఆ షాపు కంప్యూటర్లో ఉండిపోతాయి. ఫొటోను పొడవు వైపు 1600 పిక్సెళ్లకు తగ్గించి పంపడం బ్రౌజరే చేయగలదు, అక్షరాలూ చక్కగా చదవగలిగేలా ఉంటాయి. వాళ్లను తిప్పడం దేనికి? ఆధార్‌ని తప్పనిసరి గడిగా పెట్టడం కూడా మానండి. స్కూల్ అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి కాదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదని విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అలాంటప్పుడు ‘తర్వాత ఇస్తాను’ అనే బటన్ లేకుండా ఫారం ముందుకు కదలకపోవడం ఏం న్యాయం?

పేరుకు ‘First Name’, ‘Last Name’ అని రెండు గడులు పెట్టకండి. మనవాళ్లలో చాలామందికి ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఎవరికి తోచిన గడిలో వాళ్లు రాస్తారు. ఇక్కడ తారుమారైన పేరు స్కూల్ రికార్డుల్లోంచి పదో తరగతి మెమో దాకా వెళ్తుంది. జనన ధృవపత్రంలో ఉన్నట్టు పూర్తి పేరు, ఒకే గడి. చాలు.

మెసేజ్‌ల విషయంలో ఒక్కటే చెబుతాను. ఎస్‌ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో స్కూల్ పేరు, మెసేజ్ నమూనాలు ముందే రిజిస్టర్ కావాలి. సైట్ రెడీ అయ్యాక మొదలుపెడితే సీజన్ దాటిపోతుంది. తెలుగులో ఒక ఎస్‌ఎంఎస్‌కు 70 అక్షరాలే, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. కాబట్టి “ఫీజు అందింది”, “టీసీ స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి” అని సూటిగా రాసి లింకు ఇవ్వండి. ‘Under Process’ అని పంపితే వాళ్లు మళ్లీ ఆఫీసుకే ఫోన్ చేస్తారు.

యాజమాన్యాలకు నా మాట: సైట్ చేతికిచ్చిన రోజు మీ ఆఫీసులో అందరికన్నా పాత ఫోన్ తీసుకోండి. నిజం డబ్బుతో ఫీజు కట్టండి. పిన్ కొట్టగానే బ్రౌజర్ మూసేయండి. పది నిమిషాలాగి వేరే ఫోన్‌లో అదే అప్లికేషన్ తెరవండి. ‘చెల్లించారు’ అని, రసీదుతో సహా కనబడితేనే డెవలపర్‌కు చివరి వాయిదా ఇవ్వండి. నాతో సహా ఎవరికైనా సరే.