మంగళవారం నాడే మాట్లాడేశాడు

మా మనవడికి అయిదేళ్ళు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివరి బాలబడికి పంపుతున్నాం. పోయిన వారం వాడివల్ల చక్కటి ప్రణాళిక ఒకటి పాడైపోయింది. తాతగా ఆ బాధ్యత నాది కూడాను.

ఆ వారం అంశం ‘నీళ్ళు’. గోడమీద చార్టు చూస్తే కడుపు నిండిపోతుంది. సోమవారం నీళ్ళ గురించి కబుర్లు, అది సామాజిక వికాసం. మంగళవారం తేలేవీ మునిగేవీ, అది మేధోవికాసం. బుధవారం కథ, అంటే భాష. గురువారం రంగులు. శుక్రవారం చెంబులోంచి చెంబులోకి నీళ్ళు ఒంపడం, చేతులకి కసరత్తు. శనివారం పరిశీలన పుస్తకం. పిల్లలు కూడా రోజుకో వికాసం చొప్పున ఎదిగితే ఏ పేచీ లేదు.

మంగళవారం తొట్టికి నీళ్ళు మొయ్యడానికి నన్ను పిలిచారు కాబట్టి అంతా కళ్ళారా చూశాను. జానెడు నీళ్ళు, చుట్టూ ఆరుగురు పిల్లలు. పక్కన కొబ్బరికాయ, మేకు, చింతపిక్క, స్టీలు గిన్నె. వెయ్యకముందే ఏమవుతుందో పిల్లలు చెప్పాలి. ఆ ఊహే లేకపోతే అది ఉత్త నీళ్ళాట. మావాడు “పెద్దకాయ ములిగిపోద్ది” అన్నాడు. కాయ తేలింది, ఇంత చిన్న మేకు ములిగింది. వాడికి మతి పోయింది. గిన్నెని తేలనిచ్చి, అందులో మేకు పడేశాడు. అయినా తేలింది. పక్కపిల్ల చెంబు లాక్కున్నాడు, తిట్లు తిన్నాడు, ఇచ్చేసి, బతిమాలి మళ్ళీ పుచ్చుకున్నాడు. గిన్నె నిండా నీళ్ళు పోసేసరికి బుడుంగుమంది. “లోపల నీళ్ళు పడితే ములుగుద్ది. మేకుకి లోపల లేదు” అన్నాడు.

చూశారా, ఒక్క పూటలో భాష, సామాజికం, చేతి పని అన్నీ ఖర్చు పెట్టేశాడు. బుధవారం, భాషకి కేటాయించిన రోజున, కథ వేళ నోరే మెదపలేదట.

శనివారం పుస్తకంలో పడింది: “మేధ: బాగుంది. భాష: మెరుగుపడాలి.” తేలుతోందనీ మునిగిందనీ ఒడియాలో ‘భాసుచి’, ‘బుడిగలా’ అనలేదుగా మరి. 1936లో ఒడిశాని వేరుచేస్తూ గీసిన సరిహద్దు గీత తొట్టిలో నీళ్ళని విడగొట్టలేదు గానీ, పుస్తకం గడుల్లోకి మాత్రం వచ్చి కూర్చుంది. పాఠాలు చెప్పే దిదీని తప్పు పట్టను. వాడు ఆ మాట అన్నప్పుడు ఆవిడ నేల తుడుస్తోంది. నాలుగు రోజుల తర్వాత, ముప్పై మంది పేర్ల ముందు, ఎవరికైనా గుర్తొచ్చేది ‘బాగుంది’ ఒక్కటే.

అందుకని ఉచిత సలహా ఒకటి పారేశాను. అక్కడికక్కడే, రోజుకి ముగ్గురి గురించి చాలు, ఇలా రాయండమ్మా అన్నాను: “మంగళవారం, తొట్టి దగ్గర. తేలుతున్న గిన్నెలో మేకు వేశాడు. చెంబు అడిగి తీసుకుని నీళ్ళు పోశాడు. ‘మేకుకి లోపల లేదు’ అన్నాడు, తెలుగులో.” మన అభిప్రాయం ఏదైనా ఉంటే కింద, వేరే వరసలో.

దిదీ శ్రద్ధగా విని, పుస్తకం నా ముందుకి జరిపింది.

“బాగుంది తాతగారూ. ఇది ఏ గడిలో రాయమంటారు?”

అయిదు గడులున్నాయి. ఒక్కోటీ చింతపిక్కంత. ఇద్దరం కళ్ళజోళ్ళు సవరించుకున్నాం.