ఆపదగారూ, ఆరేళ్లాగి రండి

ఫోన్ తెరిస్తే చాలు, కోటేసుకున్న ఆర్థిక జ్ఞాని ఒకడు ప్రత్యక్షమవుతాడు. మీకూ తగిలే ఉంటాడు. "ముందు ఆరు నెలల ఖర్చు ఎమర్జెన్సీ ఫండ్‌గా పెట్టండి, అప్పుల సంగతి తర్వాత" అంటాడు. మా మేనల్లుడు ఆ ఉపదేశం భక్తిగా అందుకున్నాడు. వాడి బ్యాంకులో 6,000 ఉంది, క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ ఉంది. ఇల్లు నడవాలంటే నెలకు 20,000 కావాలి. కార్డు మినిమం డ్యూ కూడా కట్టాక మిగిలేది 1,500. ఆరు నెలల ఖర్చంటే 1,20,000 కనుక, ఫండ్ నిండటానికి 76 నెలలు పడుతుంది.

కాబట్టి ఆపదలకు సవినయ మనవి. పిల్లాడి జ్వరంగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. స్కూటర్ క్లచ్ ప్లేటుగారు ఆరేళ్ల నాలుగు నెలలు ఓపిక పట్టాలి. ఇంటి ఓనరుగారు అద్దె పెంచే ముందు మా వాడి పాస్‌బుక్ చూసి వెళ్లాలి. అత్తగారి పంటినొప్పికి టోకెన్ నంబరు ఇవ్వబడును.

ఈలోగా కార్డు మాత్రం కూర్చోదు. నెలకు మూడున్నర శాతం చొప్పున 40,000కి 1,400 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. అంటే మా వాడు కట్టే 2,000 మినిమం డ్యూలో అసలుకు చేరేది 348 రూపాయలు! పొదుపులో వేసిన 1,500కి బ్యాంకు నెలకిచ్చేది మూడు రూపాయల చిల్లర. బాకీలో 5 శాతమే కడుతూ పోతే 76 నెలల తర్వాత కూడా దాదాపు సగం బాకీ మిగులుతుంది. నెలనెలా "ఇంతే కడితే చాలు" అని మెసేజ్ పంపేవాళ్లకు సిగ్గుండక్కర్లేదా? ఎవడి రక్తంతో చాలు?

ఇంకో జ్ఞాని ఉన్నాడు. ఉన్న 6,000 కూడా కార్డుకే కట్టేయమంటాడు. కట్టాడనుకోండి, మర్నాడే స్కూటర్ ఆగుతుంది. పాత బాకీ ఉన్న కార్డు మీద గీకితే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు, గడువు లేదు. మెకానిక్ నగదే అడిగితే, నూటికి ఐదు రూపాయల వడ్డీ ఇచ్చే పెద్దమనిషి గుమ్మమే దిక్కు.

"మరేం చెయ్యను మామయ్యా?" అన్నాడు.

"పోయిన ఏడాది నెత్తిన పడ్డ ఖర్చుల్లో పెద్దదేదిరా?"

"పిల్లాడి ఆసుపత్రి. 5,500."

అయితే ఆ 6,000 కదపొద్దన్నాను. మిగిలే 1,500 కూడా కార్డుకే వెయ్యమన్నాను. కార్డు గీకడం ఆపి, మినిమం డ్యూ తగ్గినా నెలకు 3,500 తగ్గించకుండా కడితే 16 నెలల్లో బాకీ తీరుతుంది. ఆరు నెలల ఫండ్ ముచ్చట అప్పుడు చూసుకోవచ్చు. బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు కూడా ఒకటుంది, దానికి వడ్డీ లేదు కనుక వాడు ఆగుతాడు, మూతి మాత్రం ముడుస్తాడు.

మూడో నెలలో స్కూటర్ నిజంగానే ఆగింది. 3,800. ఆ 6,000లోంచే తీశాడు. తీసింది పూడేదాకా కార్డుకు మినిమం డ్యూ మాత్రమే కడుతున్నాడు. వరండాలో కుర్చీ ఒకటి ఖాళీ అయింది. పంటినొప్పిగారు ఇంకా కూర్చునే ఉన్నారు.