అమెరికా క్లయింటు నాకు మేనమామ ఎప్పుడయ్యాడు?

అమీర్‌పేటలో మా బ్యాంకుకి వెళ్లడం ఇది మూడోసారి. అమెరికా క్లయింటుకి 1,500 డాలర్ల ఇన్‌వాయిస్ పంపితే, మధ్యలో ఏదో బ్యాంకు 25 కోసుకుని 1,475 చేతికొచ్చింది. సరే, అది బ్యాంకు ఛార్జీల కింద రాసుకుంటాను. కానీ బ్యాంకు ఇచ్చిన రెమిటెన్స్ అడ్వైస్‌లో, డబ్బు దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ చూస్తే P1301! అంటే విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటి ఖర్చులకు పంపే డబ్బట. నాది సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ, పడాల్సింది P0802.

"డబ్బు పడింది కదా సార్, ఇంకేంటి?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

ఇంకేంటా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే ఎల్‌యూటీ అనే హామీపత్రం వేసి (అదీ ఏటా కొత్తగా వేయాలి, మర్చిపోతే మన ఖర్మ) పన్ను లేకుండా బిల్లు చేశాను. అది ఎగుమతి సొమ్మేనని రేపు ఆఫీసర్‌కి చూపించాల్సిన కాగితం ఇదే. అందులో ఇంటి ఖర్చులని ఉంటే, 18 శాతం కట్టమని నోటీసు రాదని గ్యారంటీ ఏంటి?

కోడ్ మార్చమని లెటర్ రాసి, ఇన్‌వాయిస్, కాంట్రాక్టు జత చేసి ఇచ్చాను. ఇవాళ వెళ్తే, ఆ ఫైలు చూసే మేడమ్ లీవులో ఉన్నారట. సోమవారం రమ్మన్నారు.