2 మీటర్ల రెక్కలతో 2 కిలోవాట్లా? లెక్క వేసి చూడండి

పోయిన వారం ఉరవకొండ దగ్గర మా ఊరికి వెళ్తే చిన్నాయన ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. మిద్దె మీద పెట్టుకునే గాలిమర, మూడు రెక్కలు, చుట్టుకొలత కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు 2 మీటర్లు. సెకనుకు 12 మీటర్ల గాలికి 2 కిలోవాట్లు ఇస్తుందట. "కొండ మీద అంతంత ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదరా, మన మిద్దె మీద ఒకటి తిరగదా?" అన్నాడు. అడ్వాన్సు కట్టడానికి డబ్బులు కూడా తీసి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, చిన్నాయన మీద కాదు, ఆ కాగితం అచ్చు వేసినవాళ్ల మీద.

అక్కడే దాని వెనకవైపు లెక్క వేశాను. గాలిలో ఉన్న పవర్‌కి సూత్రం ఇది:

P = ½ × ρ × A × v³

ρ గాలి సాంద్రత, A రెక్కలు తిరిగే వృత్తం వైశాల్యం, v గాలి వేగం. అమ్మేవాడికే అనుకూలంగా, సముద్రమట్టం దగ్గర చల్లటి గాలి సాంద్రత 1.225 తీసుకున్నా. వ్యాసార్థం 1 మీటరు, కాబట్టి వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. 12 ఘనం 1728. అన్నీ గుణిస్తే సుమారు 3325 వాట్లు. అంటే ఆ వృత్తం మీదికి వచ్చే గాలిలో ఉన్నదే అంత. అందులోంచి 2000 తీస్తామంటున్నారు, అంటే 60 శాతం పైనే.

అది కుదరదు. 1920లో జర్మనీలో ఆల్బర్ట్ బెట్జ్ లెక్క కట్టి చూపించాడు: ఇలా బయట తిరిగే రెక్కలు ఏవైనా 16/27, అంటే 59.3 శాతం దాటలేవు. చాలా క్లాసుల్లో ఈ అంకెను బట్టీ పట్టించి, మిగతా 41 శాతం రాపిడికి, వేడికి పోతుందని చెప్పేస్తారు. అది తప్పు. బెట్జ్ లెక్కలో రాపిడే లేదు.

అసలు సంగతి గాలి దారిలో ఉంది. రెక్కలు గాలి శక్తిని లాక్కుంటే గాలి నెమ్మదిస్తుంది. మొత్తం లాక్కుంటే గాలి అక్కడే ఆగిపోవాలి, ఆగితే వెనకాల వచ్చే గాలికి దారేదీ? అది పక్కల నుంచి తప్పుకుని పోతుంది. అస్సలు నెమ్మదించకపోతే మనకు దక్కేది సున్నా. వెనక్కి వెళ్లే గాలి వేగం, వచ్చే వేగంలో b వంతు అనుకుంటే మనకు దక్కే వాటా:

Cp = ½ × (1 + b) × (1 − b²)

మీరే వేసి చూడండి. b సగమైతే 0.5625 వస్తుంది. పావు అయితే 0.586. మూడో వంతు దగ్గర 0.593, అదే శిఖరం. అక్కడ జరిగేదేమిటంటే, ఎదురుగా వచ్చే గాలిలో మూడో వంతు రెక్కల్లోకి రాకుండానే పక్కలకు తప్పుకుంటుంది. లోపలికి వచ్చిన మూడింట రెండు వంతుల గాలి తన శక్తిలో 8/9 ఇచ్చేసి, మిగతా 1/9తో బయటికి నడిచిపోతుంది, ఆపకుండా దారి ఇవ్వడానికి అది కావాలి. 2/3 × 8/9 = 16/27. ఎక్కడా ఏదీ కాలిపోలేదు.

ఇక మా ఊరి లెక్క. మా ఎత్తుకు, 30 డిగ్రీల ఎండకు సాంద్రత 1.1కి దిగుతుంది. మా మిద్దె మీద 12 మీటర్ల గాలి ఎప్పుడో గాలివానకు తప్ప రాదు, 4 ఉంటే గొప్ప. వేగం మూడో వంతైతే పవర్ మూడో వంతు కాదు, 27వ వంతు. ½ × 1.1 × 3.14 × 64 = 110 వాట్లు. చిన్న మరలు అందులో 30 శాతం పట్టుకుంటే బాగా పట్టుకున్నట్టే, అంటే 33 వాట్లు. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటి కూడా తిరగదు.

"సగటు 4 అయినా గాలి ఒక్కోసారి జోరుగా వీస్తుంది కదరా?" అన్నాడు చిన్నాయన. న్యాయమైన ప్రశ్న, చాలామంది పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు. ముందు ఘనాలు కట్టి తర్వాత సగటు తీయాలి. సగం సేపు 2, సగం సేపు 6 వీస్తే ఘనాల సగటు (8 + 216) / 2 = 112, మనం వేసుకున్న 64 కాదు. అప్పుడు 33 కాస్తా 58 వాట్లవుతుంది. ఎంత లాగినా కరపత్రంలోని 2000కి దగ్గరికి కూడా పోదు.

అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, ఏ గాలి వేగానికి ఎంత వస్తుందో చూపే పవర్ కర్వ్ పంపమన్నాం. "అది కంపెనీ సీక్రెట్ సార్" అన్నారు. చిన్నాయన డబ్బులు మళ్లీ బీరువాలో పెట్టేశాడు. వచ్చే నెల మిద్దె మీద గాలి వేగం కొలిచే మీటరు బిగిస్తున్నాం.