ఫోన్ నంబరుకు లెక్కల మాస్టారు లేడు

పోయిన వారం ఒక పెద్దమనిషి నన్ను సైబర్ నేరగాడిగా తేల్చేశాడు. కారణం ఒకే ఒక్క అంకె. ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి మా అమ్మ పేరు రాసుకుంటూ, నేను చెప్పిన నంబరులో 4 బదులు దాని పైనున్న 7 నొక్కింది. కంప్యూటర్ కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి రిపోర్టులు చూద్దామంటే ఓటీపీ ఆ 7 నంబరాయనకు వెళ్తోంది. నంబరు మార్చాలన్నా ముందు ఆయనకొచ్చిన ఓటీపీ కొట్టాలట. చేసేది లేక ఆయనకే ఫోన్ చేశాను.

"సార్, మీకొక ఓటీపీ వచ్చుంటుంది, కాస్త చెప్తారా?"

"ఏం బాబూ, ఇంకా వేరే ఉద్యోగం దొరకలేదా?" అని పెట్టేశాడు.

ఇదే క్రెడిట్ కార్డు నంబరైతే ఈ అవమానం జరిగేది కాదు. అందులో చివరి అంకె తప్పులు పట్టే కాపలాదారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1954లో ఈ లెక్కకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. కుడి నుంచి లెక్కపెడుతూ ఒకటి విడిచి ఒక అంకెను రెట్టింపు చేయాలి. రెట్టింపు 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. అన్నీ కూడితే చివర సున్నా రావాలి. పరీక్షల కోసం అందరూ వాడే ఉత్తుత్తి కార్డు నంబరు `4111 1111 1111 1111` తీసుకోండి. 4 రెట్టింపై 8, ఏడు ఒకట్లు రెట్టింపై 14, మిగిలిన ఎనిమిది ఒకట్లు 8. మొత్తం 30, పాస్. మొదటి రెండంకెలు తారుమారైతే 27, ఫెయిల్. ఒక్క అంకె తప్పితే ఈ లెక్క వదిలే ప్రశ్నే లేదు. 09ని 90గా రాస్తే మాత్రం పాపం పట్టుకోలేదు.

ఇంకా మండే సంగతి చెప్తాను. మీ ఫోన్లో `*#06#` కొట్టండి. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ డబ్బాకున్న సొంత గుర్తింపు సంఖ్య, వస్తుంది. దాని చివరి అంకె కూడా ఈ లూన్ లెక్కే. అంటే ఫోన్ డబ్బాకు కాపలా ఉంది, ఫోన్ నంబరుకు లేదు!

దీనికి మూలపురుషుడు అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రోజర్. ఆపరేటర్ లేకుండా నడిచే ఎక్స్ఛేంజీకి 1891లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఆ పద్ధతిలో మీరు 4 తిప్పితే అక్కడ ఒక మీట నాలుగు మెట్లు ఎక్కుతుంది. తర్వాతి అంకె దాన్ని ఇంకో వైపు తిప్పుతుంది, లేదా ఇంకో మీటను కదుపుతుంది. చివరి అంకె వచ్చేసరికి మొదటిది తన పని తాను చేసేసి కూర్చుంటుంది. మొత్తం నంబరును ఒకచోట పెట్టుకుని కూడే జ్ఞాపకం ఆ ఇనుముకు లేదు. కాపలా పని మనుషులకు అప్పగించారు. అవతలివాడు "రాంగ్ నంబర్" అంటాడు, మనం "సారీ అండీ" అంటాం, అంతటితో సరి.

ఇప్పుడైనా పెట్టొచ్చు కదా అని ఆవేశపడ్డాను. కానీ మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అంటే పది అంకెల్లో 400 కోట్లు. చివరి అంకెను కాపలాకు కేటాయిస్తే మిగిలేది 40 కోట్లు. దేశంలో ఉన్న మొబైల్ కనెక్షన్లేమో 110 కోట్ల పైమాటే. పదకొండో అంకె తగిలించాలి. పెళ్లికార్డుల నుంచి లారీల వెనక రాతల దాకా అన్నీ మళ్లీ రాయించాలి.

పోనీ అంత ఖర్చూ పెట్టామే అనుకోండి. కాపలా అంకె చెప్పేది నంబరు పద్ధతిగా ఉందని మాత్రమే, అది నాదని కాదు. మీ నంబరు నేను తప్పులేకుండా కొడితే అది చిరునవ్వుతో లోపలికి పంపిస్తుంది. అందుకే యాప్‌లు లెక్కలు మానేసి ఉత్తరం వేస్తాయి. సర్వర్ ఒక ఆరంకెల సంఖ్యను గాల్లోంచి తీసి, కొన్ని నిమిషాల గడువు పెట్టి, ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఊహించి కొడదామంటే పది లక్షల్లో ఒకటి తగలాలి, కొన్ని తప్పులకే తలుపు మూసేస్తారు. సరిగ్గా కొట్టినవాడి చేతిలో ఆ సిమ్ ఇప్పుడు ఉన్నట్టు.

ఉన్నట్టు అంతే. సొంతదారు అని కాదు. మా అమ్మ ఓటీపీలన్నీ నాకే వస్తాయి, యాప్‌ల దృష్టిలో నేనే మా అమ్మను. మీరు వదిలేసిన నంబరును 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాత ఖాతాల్లో నంబరు మార్చుకోకపోతే మీ ఓటీపీలు ఆ కొత్తాయనకు పోతాయి. ఆయనా ఎవరికీ చెప్పడు, మంచివాడు.

చివరికి మళ్లీ ఆస్పత్రికే వెళ్లాను. అమ్మాయి ఆధార్ చూసి, 7ని 4 చేసింది. నా జేబులో ఫోన్ మోగింది.

"ఓటీపీ వచ్చిందా అంకుల్?"

"వచ్చిందమ్మా. ఎవరికీ చెప్పొద్దని రాసుంది."

"నాకు చెప్పొచ్చు అంకుల్, గట్టిగా చెప్పండి" అంది. వెనక లైన్లో పదిమంది ఉన్నారు.